బడి గ్రంథాలయానికి నిధుల ప్రతిపాదన: బీరువా లెక్క నుంచి ఫలితాల లెక్క దాకా

కొన్నేళ్ల క్రితం నేను రాసిన మొదటి ప్రతిపాదన 14 పేజీలు వచ్చింది. అందులో 3,000 పుస్తకాలు, 5 కంప్యూటర్లు, ఒక పెద్ద టీవీ అడిగాను. చదువు విలువ గురించే రెండు పేజీలు రాశాను. దాత సంస్థ నుంచి వచ్చిన అధికారి ఆ కాగితాలను పక్కన పెట్టి, "మేడం, పోయిన నెలలో పిల్లలు ఎన్ని పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లారో ఆ రిజిస్టర్ ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగారు. అటెండర్ వెతికి తెచ్చిన ఇష్యూ రిజిస్టర్‌లో చివరి నమోదు ఏడు నెలల కిందటిది. ఉన్న పుస్తకాలే కదలని చోట కొత్తగా 3,000 ఎందుకు ఇవ్వాలన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రతిపాదన తిరిగొచ్చింది, రావడం న్యాయమే.

తర్వాత రాసినవాటిలో నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. అవసరం, ఖర్చు, ఫలితం అనే మూడు భాగాలనూ మూడు వేర్వేరు వ్యాసాలుగా రాయకూడదు. బీరువా దగ్గర, రిజిస్టర్‌లో, పిల్లల చదువులో కనిపించిన లోటును అవసరంగా రాయాలి. బడ్జెట్‌లోని ప్రతి పద్దు ఆ లోటుల్లో ఏదో ఒకదాన్ని తీర్చాలి. చివర చూపే ఫలితం కూడా మొదట లోటును కొలిచిన కొలతతోనే కొలవగలిగినదై ఉండాలి. దేవరకొండ వైపు తండాల పిల్లలు వచ్చే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలను నమూనాగా తీసుకుని ఈ పద్ధతిని అడుగడుగునా చూపిస్తాను. ఇందులోని అంకెలు లెక్క చూపడానికి పెట్టుకున్నవి. మీ బడి అంకెలు మీరే తీయాలి. ఈ నమూనా బడిలో 6 నుంచి 10వ తరగతి వరకు 186 మంది పిల్లలున్నారు.

మొదటి అడుగు: రాయడానికి ముందు మూడు లెక్కలు

ఈ లెక్కలకు వారం రోజులు పడుతుంది, ఆ వారాన్ని మిగుల్చుకోవాలని చూడవద్దు. మొదటిది పుస్తకాల లెక్క. స్టాక్ రిజిస్టర్‌లోని అంకెను ఎత్తి రాయకుండా బీరువాలన్నీ తెరిచి పుస్తకాలను నేల మీద పేర్చి లెక్కించాలి. మా నమూనా బడిలో రిజిస్టర్ ప్రకారం 1,140 పుస్తకాలు ఉండాలి, చేతికి దొరికినవి 912. ఈ 912ను నాలుగు కుప్పలుగా వేరు చేయాలి. పాత పాఠ్యపుస్తకాలు, గైడ్లు, ఉపాధ్యాయ శిక్షణ మాడ్యూళ్లు కలిపి 405 తేలాయి. చెద పట్టినవి, తడిసి అట్టలకు అట్టలు అతుక్కుపోయినవి 173. పెద్దలు చదివే సంపుటాలు 168. ఇవన్నీ పోను పదకొండు నుంచి పదహారేళ్ల పిల్లలు చదవగల పుస్తకాలుగా మిగిలినవి 166 మాత్రమే. 1,140 అన్న అంకె వినే దాతకు బడి నిండా పుస్తకాలున్నట్టు తోస్తుంది, నిజానికి తలకొక పుస్తకం కూడా లేదు. అవసరాన్ని చెప్పే మొదటి వాక్యం ఈ కుప్పల దగ్గరే దొరుకుతుంది.

రెండోది ఇష్యూ రిజిస్టర్ లెక్క. జూన్ నుంచి ఫిబ్రవరి వరకు తొమ్మిది నెలల నమోదులు తీస్తే 61 వచ్చాయి. వాటిలో 43 ఉపాధ్యాయులు తీసుకున్నవి, పిల్లలవి 18. ఈ అంకె చూసి సిగ్గుపడి దాచే ప్రధానోపాధ్యాయులను నేను చూశాను. దాచకండి. రేపు మీరు సాధించే మార్పును కొలవడానికి ఆధారంగా నిలిచేది ఈ 18 అన్న అంకే.

మూడోది చదివే స్థాయి లెక్క. 6, 7, 8 తరగతుల పిల్లలను ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ వరసగా చదివించాలి. గ్రామీణ పిల్లల చదువు స్థాయిని కొలిచే ఏసర్ సర్వేల్లో వాడే ఈ వరస చాలామంది దాతలకు పరిచయమే కాబట్టి మళ్లీ వివరించే పని ఉండదు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. ఆ మూడు తరగతుల 108 మందిలో పరీక్ష రోజుల్లో బడికి వచ్చినవారు 101. వారిలో 39 మంది కథను తడబడకుండా చదివారు. 33 మంది పేరా వరకు చదివి కథ దగ్గర ఆగారు. మిగిలిన 29 మంది పదాల దగ్గరో అంతకన్నా ముందో ఆగిపోయారు.

పరీక్ష పెట్టేటప్పుడు పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో కూడా పక్కన రాసుకోవాలి. ఏడో తరగతిలో ఇంట్లో లంబాడీ మాట్లాడే ఒక అమ్మాయి "చెట్టు మీద పిట్ట" అన్న మాటలను గలగలా చదివి, "లక్ష్మి", "విద్యార్థి" దగ్గరకు రాగానే వేలు ఆపి నా మొహం వైపు చూసింది. ద్విత్వాక్షరాలు వచ్చు, వేరు ఒత్తులున్న సంయుక్తాక్షరాలు వస్తే ఆగిపోతోంది. అదే తడబాటు ఇంకో ఇరవై మందిలో కనిపిస్తే ఏ పుస్తకాలు కొనాలో అక్కడే తేలిపోతుంది. సంయుక్తాక్షరాలు తక్కువగా, అక్షరాలు పెద్దవిగా, పేజీకి నాలుగైదు వాక్యాలే ఉన్న కథల పుస్తకాలు కావాలి. అయితే బొమ్మలూ కథా పదకొండేళ్ల పిల్లలకు తగినట్టు ఉండాలి, లేకపోతే చిన్న పిల్లల పుస్తకమని వాళ్లు ముట్టుకోరు. ఈ పరిశీలనను మీ ప్రతిపాదనలో రాస్తే పిల్లలను దగ్గర నుంచి చూసినవారే రాశారని చదివేవారికి తెలుస్తుంది.

పిల్లల పేర్లు మాత్రం ప్రతిపాదనలో రాయకూడదు. ప్రతి ఒక్కరికీ ఒక కోడ్ నంబర్ ఇచ్చి, పేర్ల జాబితాను బడిలోనే ఉంచుకోవాలి. ఏడాది చివర అదే పిల్లలను మళ్లీ పరీక్షించేటప్పుడు ఆ జాబితా అవసరమవుతుంది.

రెండో అడుగు: పుస్తకాలు ఎందుకు కదలడం లేదో కనుక్కోవడం

చాలా ప్రతిపాదనలు లోటు చెప్పిన వెంటనే డబ్బు దగ్గరకు దూకుతాయి. మధ్యలో కారణం చెప్పకపోతే బడ్జెట్‌కు పునాది ఉండదు. పిల్లలకు ఆసక్తి లేదని రాయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆసక్తి లేని పిల్లలకు పుస్తకాలెందుకని దాత అడుగుతారు, పైగా ఆ మాట సాధారణంగా నిజం కూడా కాదు.

మా నమూనా బడిలో కారణాలు మూడు తేలాయి. బీరువాలు ప్రధానోపాధ్యాయుల గదిలో ఉన్నాయి, తాళం అటెండర్ దగ్గర ఉంటుంది, పుస్తకం కావాలని ఆ గది గుమ్మం దాటడానికి పిల్లలు జంకుతున్నారు. రెండోది, టైంటేబుల్‌లో గ్రంథాలయ పీరియడ్ ఉన్నా దాన్ని చూసుకునే మనిషి లేక గణితానికో సైన్సుకో పోతోంది. మూడోదాన్ని ఎవరూ పైకి చెప్పరు: పుస్తకం పోతే ఆడిట్‌లో తన మెడకు చుట్టుకుంటుందని బాధ్యుడైన ఉపాధ్యాయుడు భయపడుతున్నాడు. స్టాక్ రిజిస్టర్ మీద సంతకం పెట్టిన మనిషి పుస్తకాలను పిల్లల ఇళ్లకు పంపకుండా బీరువాలో భద్రంగా ఉంచాలనుకోవడం సహజమే. తప్పు ఆ మనిషిది కాదు, పోయిన పుస్తకానికి దారి చూపని ఏర్పాటుది.

ఈ మూడో కారణానికి డబ్బు అక్కర్లేదు, ఒక తీర్మానం కావాలి. పాఠశాల యాజమాన్య కమిటీ గానీ, మీ బడిలో ఆ పనులు చూస్తున్న అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ గానీ సమావేశమై, ఏడాదికి మొత్తం పుస్తకాల్లో నూటికి ఎనిమిది వరకు పోయినా, చిరిగినా వాటిని వాడకంలో అరిగినవిగా లెక్కించి, బాధ్యుడైన ఉపాధ్యాయుని నుంచి గానీ పిల్లల నుంచి గానీ వసూలు చేయరాదని మినిట్స్‌లో రాయాలి. పై అధికారి ఆమోదం కోసం ఆ ప్రతిని మండల విద్యాధికారి ద్వారా పంపి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఈ తీర్మానం నకలును ప్రతిపాదనకు జత చేస్తే, కొనే పుస్తకాలు మళ్లీ బీరువాలో బందీ కావన్న నమ్మకం దాతకు కలుగుతుంది.

మూడో అడుగు: అవసర ప్రకటన రాయడం

ఇది ఒక పేజీ దాటకూడదు. పరిస్థితి, అంకె, కారణం, ఇప్పటికే చేసిన ప్రయత్నం, మిగిలిన లోటు అన్న వరసలో నడిపితే చాలు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్‌లో ప్రతి పాఠశాలకు వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలున్న గ్రంథాలయం ఉండాలని ఉంది. ఆ మాటను ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. అయితే అది చట్టం మాట, మీ బడి మాట కాదు కాబట్టి దాని మీదే పేరా అంతా నడపకూడదు. ప్రధాన భాగం ఇలా ఉండవచ్చు:

> "మా పాఠశాలలో 186 మంది విద్యార్థులున్నారు. స్టాక్ రిజిస్టర్‌లో 1,140 పుస్తకాలు నమోదై ఉన్నా, ఈ ఫిబ్రవరిలో మేము స్వయంగా లెక్కించగా 912 దొరికాయి. వాటిలో ఈ వయసు పిల్లలు చదవగలవి 166. గత తొమ్మిది నెలల్లో విద్యార్థులు ఇంటికి తీసుకెళ్లిన పుస్తకాలు 18. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పరీక్షించిన 101 మందిలో 62 మంది రెండో తరగతి స్థాయి కథను పూర్తిగా చదవలేకపోయారు. తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు ముద్రణను వారు బడిలో తప్ప మరెక్కడా పెద్దగా చూడరు. పుస్తకాలు తాళం వేసిన బీరువాల్లో ఉండటం, గ్రంథాలయ పీరియడ్‌ను నడిపే వ్యక్తి లేకపోవడం, స్థాయికి తగిన పుస్తకాలు చాలకపోవడం ఇందుకు కారణాలని మేము గుర్తించాము. నష్టపోయే పుస్తకాల విషయంలో కమిటీ తీర్మానం చేసింది; ఒక గదిని ఖాళీ చేసి గ్రంథాలయానికి కేటాయించింది. మిగిలిన లోటును పూరించడానికి ఈ సహాయం కోరుతున్నాము."

ఇందులో పిల్లలను దీనులుగా చూపే మాట ఒక్కటీ లేదని గమనించండి. మా వైపు వలసలు, కరువు, ఫ్లోరైడ్ గురించి రాయడానికి ఎంతైనా ఉంది, అవన్నీ నిజాలే. కానీ గ్రంథాలయం తీర్చలేని కష్టాన్ని అవసరంగా రాస్తే, దాన్ని ఎలా తీరుస్తారో చెప్పాల్సిన భారం కూడా మన మీదే పడుతుంది. వలస వెళ్లే కుటుంబాల పిల్లలు మధ్యలో బడి మానేయడం మీ పుస్తకాల వాడకంపై ప్రభావం చూపితే, ఎంతమందో, ఏ నెలల్లోనో చెప్పి అంతవరకే రాయండి.

నాలుగో అడుగు: బడ్జెట్, ప్రతి పద్దుకూ సమర్థన

పుస్తకాల సంఖ్య ఎలా వచ్చిందో ముందు చూపాలి. ఒక్కో పిల్లవాడికి నాలుగు పుస్తకాలు చొప్పున లెక్కేస్తే 744 కావాలి, ఉన్నవి 166, లోటు 578. దాన్ని 580గా తీసుకున్నాం. ఇందులో 400 శీర్షికలు, వాటిలో 180కి రెండో ప్రతి. పిల్లల్లో ఒకరికి నచ్చిన పుస్తకం చుట్టూ వారం రోజుల్లో నలుగురు చేరతారు కాబట్టి రెండో ప్రతి వృథా కాదు. స్థాయి పరీక్ష ఫలితాలను బట్టి 240 పుస్తకాలు సులభమైనవి, 220 మధ్యస్థమైనవి, 120 పెద్దవి. వీటికి వరసగా సగటున 60, 90, 140 రూపాయల చొప్పున లెక్కిస్తే 51,000 వస్తుంది.

రెండేళ్ల ప్రాజెక్టుకు పద్దులన్నీ కలిపితే ఇలా వస్తుంది.

| పద్దు | రూపాయలు |
|---|---|
| పుస్తకాలు 580 | 51,000 |
| రెండో ఏడాది భర్తీ పుస్తకాలు 60 | 5,400 |
| తెరచి ఉండే ర్యాకులు 4 | 35,400 |
| గది మరమ్మతు, చెదల మందు, వైరింగ్, ఫ్యాన్లు | 23,600 |
| జంపఖానాలు, రిజిస్టర్లు, లేబుళ్లు, అట్టలు | 11,600 |
| గ్రంథాలయ సహాయకురాలికి 20 నెలల గౌరవ వేతనం | 60,000 |
| ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ | 8,000 |
| రెండుసార్లు బయటివారితో స్థాయి పరీక్ష | 4,500 |
| రవాణా | 2,500 |
| మొత్తం | 2,02,000 |

పట్టిక కింద ప్రతి పద్దుకూ రెండు మూడు వాక్యాల సమర్థన ఉండాలి. "మార్కెట్ ధర ప్రకారం" అని రాస్తే సమర్థన కాదు. ఆ వస్తువు ఏ లోటుకు జవాబో, అన్నే ఎందుకో, ఆ ధర ఎక్కడిదో చెప్పాలి. ర్యాకులనే తీసుకోండి. పిల్లలకు అందే ఎత్తులో తలుపులు లేని ర్యాకులు కావాలన్నది తాళం బీరువా అన్న కారణానికి జవాబు. పాతవీ కొత్తవీ కలిపి 746 పుస్తకాలు నాలుగు ర్యాకుల్లో సర్దితే ఒక్కోదానిలో సుమారు 187 పడతాయి. ధర 7,500, దాని మీద 18 శాతం జీఎస్టీతో 8,850 అయింది. ముద్రించిన పుస్తకాలకు జీఎస్టీ లేదు, ఉక్కు ర్యాకులకు ఉంది. ఈ తేడా తెలియక పుస్తకాల మీద పన్ను వేసి, ర్యాకుల మీద మరిచిపోయిన బడ్జెట్లు పరిశీలనలోనే ఆగిపోతాయి. ర్యాకులకూ మరమ్మతుకూ నల్గొండలోనో దేవరకొండలోనో మూడు దుకాణాల కొటేషన్లు, జీఎస్టీ నంబర్, తేదీ, ముద్రతో తీసుకుని జత చేయాలి.

ఎక్కువ ప్రశ్నలు వచ్చే పద్దు గౌరవ వేతనం. వస్తువులు కంటికి కనిపిస్తాయి, జీతం కనిపించదు కాబట్టి చాలామంది దాతలు దాన్ని మొదట కొట్టేస్తారు. అది లేకపోతే జరిగేదేమిటో మీ రిజిస్టర్‌లోనే ఉంది: పీరియడ్ ఉండి కూడా తొమ్మిది నెలల్లో 18 పుస్తకాలు కదిలాయి. అందుకే ఈ పద్దుకు నేను అన్నిటికన్నా ఎక్కువ స్థలం ఇస్తాను. ఇంటర్ పూర్తి చేసి, తండాలోనే ఉంటూ, లంబాడీ, తెలుగు రెండూ వచ్చిన ఒక మహిళ రోజుకు మూడు గంటలు ఉండాలి. గ్రంథాలయ పీరియడ్లలో గట్టిగా చదివి వినిపించడం, పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, చిరిగినవి అతికించడం ఆమె పనులు. కథను ముందు లంబాడీలో చెప్పి, తర్వాత అదే కథను తెలుగు పుస్తకంలో చూపగల మనిషి మా సిబ్బందిలో లేరన్న వాక్యం ఆ పద్దుకు అసలైన సమర్థన. ఏడాదికి పది నెలలు, నెలకు 3,000. రెండేళ్ల తర్వాత ఏమిటన్నది తప్పకుండా అడుగుతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి పదిమంది పిల్లల బృందాన్ని ఆమె రెండో ఏడాదిలో తయారు చేస్తుందనీ, ఒక ఉపాధ్యాయుడికి వారానికి మూడు పీరియడ్ల వెసులుబాటు ఇస్తామనీ రాయండి. ఆమె వేతనాన్ని పూర్వ విద్యార్థులు భరిస్తారని మాత్రం వారితో మాట్లాడకుండా రాయవద్దు.

పుస్తకాల ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. ప్రతిపాదన వాసన తగలగానే సగం ధరకు "లైబ్రరీ సెట్" ఇస్తామని వచ్చేవారుంటారు. ఆ సెట్‌లో నీతికథలు, జనరల్ నాలెడ్జ్, వ్యాసాల పుస్తకాలే ఒకే ముద్రణలో పదేసి ప్రతులుంటాయి. ఆ పుస్తకాలు ర్యాకు నింపుతాయి తప్ప పిల్లల చేతుల్లోకి వెళ్లవు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వంటి ప్రచురణ సంస్థల తెలుగు జాబితాలు తెప్పించుకుని, నమూనాగా ఓ యాభై పుస్తకాలు అరువు తెచ్చి జంపఖానా మీద పరచి, పిల్లలు ఏవి చేతిలోకి తీసుకుంటున్నారో, ఏవి రెండు పేజీలకే కింద పెడుతున్నారో ఒక పూట చూడండి. ఆ పరిశీలన ఆధారంగా తయారైన శీర్షికల జాబితాను అనుబంధంగా ఇస్తే పుస్తకాల పద్దు మీద ఇక ప్రశ్న రాదు.

ఐదో అడుగు: కొలవగల ఫలితాలు

580 పుస్తకాలు కొన్నాం, 4 ర్యాకులు పెట్టాం, శిక్షణ ఇచ్చాం అన్నవి చేసిన పనులు, ఫలితాలు కావు. వాటి వల్ల పిల్లల్లో ఏం మారిందో చెప్పేదే ఫలితం. "పఠనాసక్తి పెరుగుతుంది" అన్న వాక్యాన్ని ఎవరూ కొలవలేరు. మూడు ఫలితాలు చాలు, ప్రతిదానికీ ఇప్పటి అంకె, చేరవలసిన అంకె, తేదీ, కొలిచే కాగితం, కొలిచే మనిషి ఉండాలి.

మొదటిది వాడకం. ఇప్పుడు తొమ్మిది నెలల్లో 18 పుస్తకాలు కదిలాయి. మొదటి విద్యా సంవత్సరం ముగిసేలోపు, కనీసం ఆరు నెలల్లో 186 మందిలో 112 మంది నెలకు రెండేసి పుస్తకాలైనా ఇంటికి తీసుకెళ్లాలి. కొలిచేది ఇష్యూ రిజిస్టర్. పది నెలలూ అని రాయకపోవడానికి కారణం ఉంది. దసరా సెలవులు ఒక నెలను తినేస్తాయి, పత్తి ఏరే రోజుల్లో హాజరే పడిపోతుంది, చివరి నెల పరీక్షలది. ఈ సంగతిని ముందే రాసిపెడితే, నవంబర్ అంకె చూసి దాత కంగారుపడరు.

రెండోది చదివే స్థాయి. కథ చదవలేని 62 మందిలో కనీసం 30 మంది వచ్చే ఫిబ్రవరి నాటికి అదే స్థాయి కొత్త కథను పూర్తిగా చదవాలి. పాత కథనే మళ్లీ ఇస్తే కంఠతా పట్టి చదివేస్తారు కాబట్టి కథ మారాలి, స్థాయి మారకూడదు. పరీక్ష పెట్టేవారు మన బడివారు కాకుండా పక్క మండలం ఉపాధ్యాయులైతే అంకెకు విలువ వస్తుంది, అందుకే బడ్జెట్‌లో 4,500 పెట్టాం. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఏడాది గడిస్తే గ్రంథాలయం లేకున్నా కొందరు పిల్లలు మెరుగవుతారు. ఎక్కువ పుస్తకాలు తీసుకున్నవారే ఎక్కువ మెరుగయ్యారని చూపినా సరిపోదు, చదవగలిగినవారే ముందు నుంచీ ఎక్కువ తీసుకుని ఉండవచ్చు. కాబట్టి ఈ మార్పంతా గ్రంథాలయం వల్లేనని చెప్పడం లేదని ప్రతిపాదనలోనే రాయండి. నా అనుభవంలో ఆ వాక్యం వల్ల ఏ ప్రతిపాదన విలువా తగ్గలేదు.

మూడోది నష్టం. రెండో ఏడాది చివరకు పోయిన, పనికిరాకుండా చిరిగిన పుస్తకాలు ఏడాదికి నూటికి ఎనిమిది దాటకూడదు, అంటే 746లో సుమారు 60. భర్తీ పుస్తకాల సంఖ్య ఆ 60 నుంచే వచ్చింది. నష్టం సున్నా అని వస్తే మాత్రం సంతోషించవద్దు. రెండేళ్లలో ఒక్క పుస్తకమూ చిరగలేదంటే అవి పిల్లల ఇళ్లకు వెళ్లలేదనే అర్థం.

రిజిస్టర్ నిజమైనదో కాదో పట్టుకోవడం కష్టం కాదు. నమోదులన్నీ ఒకే కలంతో ఉండటం, రోల్ నంబర్లు వరసగా 1, 2, 3 అని నడవడం, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ అందరికీ ఒకటే కావడం కనిపిస్తే ఆ పేజీ ఒక్క మధ్యాహ్నం కూర్చుని నింపినదని చూసే కన్నుకు తెలిసిపోతుంది. నెలకోసారి ప్రధానోపాధ్యాయులే పది నమోదులు ఎంచుకుని, ఆ పిల్లలను పిలిచి ఆ కథలో ఏం జరిగిందో చెప్పమని, ఎంతమంది చెప్పగలిగారో రిజిస్టర్ అంచున రాయాలి. ఈ తనిఖీ పద్ధతిని ఫలితాల భాగంలో ఒక వాక్యంగా చేర్చండి.

ఆరో అడుగు: ఎవరి పేరు మీద, ఎప్పుడు పంపాలి

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. ఏడో షెడ్యూల్‌లో విద్య ఉంది కాబట్టి మీ ప్రతిపాదన దాని కిందికి వస్తుంది. కంపెనీ వేరే సంస్థ ద్వారా ఖర్చు చేయించాలంటే ఆ సంస్థకు ఇలాంటి సామాజిక బాధ్యత నిధులు అందుకోవడానికి చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు, ధర్మ సంస్థలకు ఆదాయపు పన్ను చట్టం కింద ఇచ్చే, 12ఏ, 80జీగా పిలిచే నమోదులు ఉండాలి. బడి కమిటీకి అవి ఉండవు. అందుకని ఆ నమోదులున్న స్వచ్ఛంద సంస్థతో కలిసి పంపడమో, కంపెనీయే నేరుగా వస్తువులు కొని ఇచ్చేలా కోరడమో చేయాలి. కలిసి పంపేటప్పుడు కొనుగోలు ఎవరు చేస్తారు, బిల్లులు ఎవరి దగ్గర ఉంటాయి, వస్తువులు బడి స్టాక్ రిజిస్టర్‌లో ఎప్పుడు ఎక్కుతాయి అన్నది ఒక పేజీ ఒప్పందంగా రాసుకోండి. జిల్లా విద్యాధికారి అనుమతి పత్రం కూడా ముందే తీసుకోవాలి.

కంపెనీల ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, మన బడి జూన్‌లో. జనవరి, ఫిబ్రవరిలో లెక్కలు పూర్తిచేసి మార్చిలోపు పంపితే వారి వార్షిక ప్రణాళికలో చోటు దొరికే వీలుంటుంది, వేసవి సెలవుల్లో గది మరమ్మతు కూడా అయిపోతుంది.

మొదటి పేజీలో పెట్టే సారాంశాన్ని అన్నిటికన్నా చివర రాయాలి. బడి పేరు, 11 అంకెల యూడైస్ కోడ్, అడిగే మొత్తం, కాలవ్యవధి, మూడు ఫలితాలు ఉంటే చాలు. అనుబంధాల్లో కమిటీ తీర్మానం, పుస్తకాల కుప్పల లెక్క, ఇష్యూ రిజిస్టర్ పేజీల నకళ్లు, కొటేషన్లు, శీర్షికల జాబితా, ఖాళీ చేసిన గది ఫోటోలు ఉండాలి.

అడిగినంత ఇవ్వకపోతే

2,02,000 అడిగితే 1,40,000 మంజూరు కావడం మామూలే. అప్పుడు ప్రతి పద్దునూ మూడో వంతు తగ్గించడం తప్పు. అలా చేస్తే సగం ర్యాకు, సగం మనిషి మిగులుతారు. నేనైతే రెండో ఏడాది గౌరవ వేతనం 30,000, భర్తీ పుస్తకాల 5,400 తీసేస్తాను. పాత బీరువాల తలుపులు ఊడదీసి రెండు ర్యాకుల పని చేయిస్తే 17,700 తగ్గుతుంది. మరమ్మతు పద్దులోని ఫ్యాన్లు, వైరింగ్ ఖర్చు 9,600ను గ్రామస్థులను అడుగుతాను. అన్నీ పోను 1,39,300 అవుతుంది. పుస్తకాలనూ, మొదటి ఏడాది సహాయకురాలినీ ముట్టుకోను, ఎందుకంటే 112 మంది అన్న లక్ష్యం, 30 మంది అన్న లక్ష్యం ఆ రెంటి మీదే నిలబడి ఉన్నాయి. రెండో ఏడాది స్థాయి పరీక్ష ఖర్చును కూడా ఉంచుతాను, సహాయకురాలు లేని ఏడాదిలో ఏమైందో దాతకూ మనకూ తెలియాలి. తర్వాత సవరించిన బడ్జెట్‌తో పాటు సవరించిన ఫలితాల పట్టికను కూడా పంపి, భర్తీ పుస్తకాలు లేనందువల్ల నష్టానికి సంబంధించిన మూడో లక్ష్యాన్ని మొదటి ఏడాదికే పరిమితం చేస్తున్నామని ఉత్తరంలో స్పష్టంగా రాసి, దానికి రాతపూర్వక అంగీకారం వచ్చాకే మొదటి కొనుగోలు చేయాలి.